లేఖ పెళ్లి బయోడేటా: మీరు రాసిన పేరా, పరిచయ వేదిక పుస్తకానికి వెళ్లే కాగితం

బావగారికి నమస్కారం. అక్కని అడిగానని చెప్పండి.

లేఖ గురించి మీరు వాట్సాప్‌లో పంపింది చదివాను. మీరు ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంది. అయితే విజయవాడ పరిచయ వేదిక పుస్తకంలో అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా ఒకటే వరుస పెట్టారు, ఒక్కొక్కరికి ఒక పేజీ. పేరాగా రాసిస్తే తీసుకోబోమన్నారు. అక్కడికొచ్చే పెద్దవాళ్ల సంగతి మీకు తెలియంది కాదు. ముందు గోత్రం చూస్తారు. తమదీ అదే అయితే పేజీ తిప్పేస్తారు. తర్వాత నక్షత్రం, ఆ తర్వాత ఉద్యోగం. మీ పేరాలో గోత్రం దొరికేసరికి మన చుట్టాలందరూ పరిచయమైపోతున్నారు. అందుకని పుస్తకం వాళ్ల వరుసలో సర్దాను. పోల్చి చూసుకోవడానికి మీరు రాసింది కూడా ఉన్నదున్నట్టు పైన పెడుతున్నాను.

మీరు రాసింది:

"మా రెండో అమ్మాయి చి.ల.సౌ. లేఖ 1997 నవంబరు 14 కార్తీక పౌర్ణమి శుక్రవారం ఉదయం 8 గంటల 40 నిమిషాలకి బందరులో పుట్టింది, ఆ రోజు పిల్లల పండగ కూడా, నక్షత్రానికి లే అక్షరం వచ్చిందని లేఖ అని పెట్టాం. మరీ తెలుపు కాదు, చామనఛాయ, కళగా ఉంటుంది, ఐదడుగుల మూడంగుళాలు. టెన్త్ 2013లో, ఇంటర్ 2015లో, బీటెక్ ఈసీఈ 2019లో పాసయ్యింది, అన్నీ ఫస్ట్ క్లాసే. ఆ ఏడాదే సచివాలయం పరీక్ష రాస్తే డిజిటల్ అసిస్టెంట్‌గా వచ్చింది, పెడన మండలంలో చేస్తోంది, ఇంటి నుంచే స్కూటీ మీద వెళ్లొస్తుంది, జీతం చేతికి 32 వేలు. మా నాన్నగారు బ్రహ్మయ్యాచారి గారి చేతి పుస్తెలంటే మా వైపు పేరు, నేనూ ముప్పై ఏళ్లు బంగారం పనే చేశాను, చూపు ఆనక ఇప్పుడు చిలకలపూడిలో కవరింగ్ నగల షాపు పెట్టుకున్నాను. పెద్దమ్మాయి లలితకి 2018లో పెళ్లి చేశాం, అల్లుడుగారికి గుడివాడలో ఫర్నిచర్ షాపు. అబ్బాయి సాయి డిగ్రీ అయ్యి షాపులో నాతోనే ఉంటాడు. అమ్మాయిది భరణి మూడో పాదం వృషభ రాశి, మా గోత్రం సుపర్ణ. సొంత ఇల్లు ఉంది, అమ్మాయి పేర 3 సెంట్ల స్థలం, పెళ్లికి పది లక్షలు, పది కాసుల బంగారం పెడతాం. కిందటేడు ఏలూరు సంబంధం తాంబూలాల దాకా వచ్చి, వాళ్లు ఉద్యోగం మానెయ్యాలన్నారని మేమే వద్దనుకున్నాం. అబ్బాయి ఏదో ఒక ఉద్యోగం చేస్తూ, తాగుడు లేకుండా ఉంటే చాలు, దగ్గర ఊళ్లయితే మంచిది. అమ్మాయి చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది, బాగా పాడుతుంది. మాట కొంచెం కటువు గానీ మనసు వెన్న."

పుస్తకానికి పంపేది:

శ్రీ విశ్వకర్మణే నమః

వధువు వివరాలు

పేరు : చి.ల.సౌ. లక్కోజు లేఖ
కులం : విశ్వబ్రాహ్మణ (స్వర్ణకార)
గోత్రం : సుపర్ణ
మేనమామ ఇంటిపేరు, గోత్రం : కొమ్మోజు, సానగ
పుట్టిన తేదీ : 14 నవంబరు 1997, శుక్రవారం
తిథి : ఈశ్వర నామ సంవత్సరం, కార్తీక పౌర్ణమి
పుట్టిన సమయం : ఉదయం 8.40
పుట్టిన ఊరు : మచిలీపట్నం, కృష్ణా జిల్లా
నక్షత్రం, పాదం : భరణి, 3వ పాదం
రాశి : మేషం
గణం, నాడి : మనుష్య గణం, మధ్య నాడి
ఎత్తు : 5 అడుగుల 3 అంగుళాలు
ఛాయ : చామనఛాయ
చదువు : బీటెక్ (ఈసీఈ), 2019, ప్రథమ శ్రేణి
ఉద్యోగం : డిజిటల్ అసిస్టెంట్, గ్రామ సచివాలయం, పెడన మండలం. 2019 నుంచి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం
జీతం : నెలకు చేతికి రూ. 32,000
అభిరుచి : సంగీతం. కర్ణాటక గాత్రం నేర్చుకుంది
తాతగారు : కీ.శే. లక్కోజు బ్రహ్మయ్యాచారి, స్వర్ణకారులు
తండ్రి : లక్కోజు వీరభద్రాచారి, స్వర్ణకారులు. చిలకలపూడిలో కవరింగ్ నగల దుకాణం
తల్లి : వరలక్ష్మి, గృహిణి
అక్క : లలిత, వివాహిత. బావగారిది గుడివాడలో ఫర్నిచర్ వ్యాపారం
తమ్ముడు : సాయి, డిగ్రీ. తండ్రితో పాటు వ్యాపారంలో. అవివాహితుడు
నివాసం : మచిలీపట్నం, సొంత ఇల్లు
కోరుకునే సంబంధం : ఉద్యోగం చేస్తున్న, తాగుడు అలవాటు లేని అబ్బాయి. కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల వారైతే మంచిది. పెళ్లి తర్వాత అమ్మాయి ఉద్యోగం కొనసాగిస్తుంది
సంప్రదించవలసినవారు : మేనమామ కొమ్మోజు శ్రీనివాసాచారి, విజయవాడ. ఫోన్ నంబరు వేదిక దగ్గర రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో ఇస్తారు

ఇక ఎక్కడెక్కడ చెయ్యి పెట్టానో చెబుతాను.

రాశి దగ్గర ముందు ఆగిపోయాను. భరణి నాలుగు పాదాలూ మేషంలోనే ఉంటాయి. వృషభం అనేది కృత్తిక రెండో పాదం నుంచి మొదలవుతుంది. మీరు లలిత జాతకం చూసి రాశారేమో అనుకుంటున్నాను, దానిది కృత్తికే కదా. అచ్చులో భరణి పక్కన వృషభం ఉంటే, పంచాంగం తెలిసినవాడు ఎవడైనా పుట్టిన టైము మీదే అనుమానపడతాడు. గంటల పంచాంగం తీసి చూశాను. 8.40కి భరణి మూడో పాదమే, పౌర్ణమి తిథే. ఆ రెండూ మీరు రాసినట్టే సరిపోయాయి. గణం, నాడి మీరు రాయలేదు, అవి నక్షత్రం బట్టి వచ్చేవే కాబట్టి నేనే నింపాను. పుస్తకంలో వయసు గడి కూడా ఉంది గానీ దాన్ని వదిలేయమన్నాను. ఈ కాగితం ఏడాది పాటు చేతులు మారుతూ తిరుగుతుంది, తేదీ ఉంటే చాలు.

కట్నం విషయం. స్థలం, పది లక్షలు, పది కాసులు మూడూ తీసేశాను. మీకు కోపం వస్తుందని తెలుసు, "మన దగ్గర ఉన్నది చెప్పుకుంటే తప్పేంటి" అంటారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో 4-ఎ సెక్షన్ అని ఉంది. పెళ్లికి బదులుగా ఇంత ఆస్తి, ఇంత డబ్బు ఇస్తామని ప్రకటన వేయడమే నేరం. వేసినవాళ్లకే కాదు, అచ్చు వేసినవాళ్లకీ జైలు, జరిమానా ఉన్నాయి. పుస్తకం వేసేవాళ్లు అలాంటి లైను కనిపిస్తే మొత్తం పేజీనే పక్కన పెడుతున్నారు. చట్టం సంగతి అలా ఉంచండి, ఆ అంకె చూసి వచ్చేవాళ్లు లేఖని చూసి వచ్చినట్టు కాదు బావగారూ. సొంత ఇల్లు మాత్రం ఉంచాను, అది నివాసం గడిలోకి సహజంగానే వచ్చింది.

ఏలూరు సంబంధం కాగితం మీద ఉండకూడదు. అలాగని దాచమని కాదు. మొదటిసారి ఫోన్ చేసిన పెద్దమనిషికి నేనే నోటితో చెబుతాను, తాంబూలాల తర్వాత ఎందుకు ఆగిందో కూడా. ఊళ్లో వాళ్ల ద్వారా తెలిస్తే ఒక కథకి నాలుగు కథలవుతాయి.

ఆ సంబంధం ఎందుకు ఆగిందన్నది మాత్రం కాగితంలోకి వచ్చింది, చూశారా. "పెళ్లి తర్వాత అమ్మాయి ఉద్యోగం కొనసాగిస్తుంది" అనేది మీ పేరాలో లేదు. నిన్న రాత్రి లేఖకి ఫోన్ చేసి, కోరుకునే సంబంధం గడిలో ఏం రాయమంటావే అని అడిగాను. "మావయ్యా, మిగతావి నాన్న ఇష్టం, ఈ ఒక్క ముక్క మాత్రం నాది, తప్పకుండా వెయ్యి" అంది. అక్క పక్కనే ఉండి విన్నది, అభ్యంతరం చెప్పలేదు. ఈ లైను వల్ల నాలుగు సంబంధాలు తగ్గితే తగ్గనివ్వండి. తాంబూలాలు పుచ్చుకున్నాక తగ్గేకంటే పుస్తకంలోనే తగ్గడం నయం.

"దగ్గర ఊళ్లు" అంటే చదివేవాళ్లకి ఏది దగ్గరో తెలియదు కాబట్టి జిల్లాల పేర్లు వేశాను. ఎక్కువా తక్కువా అనిపిస్తే చెప్పండి. ఏలూరు కావాలనే వదిలేశాను.

టెన్త్, ఇంటర్ సంవత్సరాలు తీసేశాను, బీటెక్ ఉంటే అవి ఉన్నట్టే. స్కూటీ కూడా పోయింది. చామనఛాయ మాత్రం మీరు రాసిన మాటే ఉంచాను. పుస్తకంలో సగం మంది అమ్మాయిలు "తెలుపు" అనే ఉంటారు, చూపులకొచ్చాక మొహం చిట్లిస్తారు. మీరు నిజం రాశారు, అది అలాగే ఉండాలి.

"మాట కటువు, మనసు వెన్న" అన్నదానికి మాత్రం ఏ గడీ దొరకలేదు. అభిరుచిలో వెయ్యలేను కదా! అబ్బాయి తరఫు వాళ్లు ఇంటికొచ్చినప్పుడు అది వాళ్లకే తెలుస్తుంది, మొదటి కాఫీ అయ్యేలోపే.

మీ నాన్నగారి పుస్తెల మాట మొత్తంగా పెట్టాలని ఉంది గానీ గడిలో పట్టలేదు, "స్వర్ణకారులు" అని ఊరుకున్నాను. మనవాళ్లలో ఆయన పేరు చూస్తే గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే తాతగారి గడి ఖాళీ పెట్టొచ్చన్నా నేను వదల్లేదు.

మేనమామ గోత్రం దగ్గర ఒక మాట. మా సానగ గోత్రం వేయకపోతే అడిగేది మొదట అదే. కొంతమంది అమ్మమ్మ వైపు గోత్రం కూడా చూసుకుంటారు, అడిగితే అక్క చెబుతుంది, పుస్తకంలో ఆ గడి లేదు.

ఫోన్ నంబరు అచ్చులో వద్దని నేనే చెప్పాను. కిందటి పుస్తకంలో ఆడపిల్లల ఇళ్ల నంబర్లు వేస్తే రాత్రి పదకొండింటికి పనికిమాలిన ఫోన్లు వచ్చాయట. ఇప్పుడు అబ్బాయి తరఫు వాళ్లు కౌంటర్‌లో తమ పేరు, ఊరు రాసి నా నంబరు తీసుకోవాలి. మొదటి విచారణ నేను చూసుకుంటాను, కాస్త బాగుందనుకున్నవే మీ దాకా పంపుతాను.

ఫోటో రెండు కావాలి. నిలువుగా ఒకటి, మొహం కనిపించేలా ఒకటి. లలిత పెళ్లిలో తీసింది పంపకండి, అప్పటికి లేఖ ఇంకా కాలేజీ పిల్ల, పైగా పక్కన సగం కోసిన సాయి మొహం ఉంటుంది. ఆఫీసుకి వెళ్లే చీరలో ఇంటి దగ్గర తీసినదైతే చాలు, స్టూడియో మెరుపులు అక్కర్లేదు.

గురువారం సాయంత్రం లోపు అక్కకీ లేఖకీ చదివి వినిపించి, సరే అంటే సరే అని ఒక్క మెసేజ్ పెట్టండి. శుక్రవారం పొద్దున్నే ప్రెస్‌కి వెళ్తుంది. పేరు స్పెల్లింగు, తేదీ, నక్షత్రం ఈ మూడూ మాత్రం మీరు కళ్లజోడు పెట్టుకుని స్వయంగా చూడండి, సాయికి వదిలేయకండి.

మీ బావమరిది,
శ్రీనివాసాచారి