పండగనాటి సరుకు

మార్చి 31. బయట భీమవరం ఎండకి తారు కరుగుతోంది. కోల్డ్ స్టోరేజీ లోపల మైనస్ 18. స్టోర్స్ వాళ్ళిచ్చిన జాకెట్ లావణ్యకి మోకాళ్ళదాకా వేలాడుతోంది. చలికి ఇంకు గడ్డకడుతుందని సీనియర్ ముందే చెప్పాడు. అందుకే రాయనప్పుడల్లా పెన్నుని పిడికిట్లో దాచుకుంటోంది.

ఆడిటరు దగ్గర సీఏ ఆర్టికల్స్‌లో చేరి ఏడు నెలలు. ఒంటరిగా స్టాక్ లెక్కకి రావడం ఇదే మొదలు. పొద్దున్న రాగానే, లోపలికొచ్చిన సరుకుకి రాసే జీఆర్‌ఎన్‌లలో చివరి నంబరు, బయటికెళ్ళే సరుకు చలానాల్లో చివరి నంబరు రాసుకుంది. లెక్కయ్యేదాకా సరుకు కదలకూడదని చెప్పింది. ఒకటో ఛాంబర్ అంతా సరిపోయింది. వనామీ రొయ్యలు, తల తీసినవి, 20 కిలోల కార్టన్లు, ప్యాలెట్‌కి 50. ముందు నేలమీదున్నవి చూసి షీటులో వెతికింది, అన్నీ ఉన్నాయి. రెండో ఛాంబర్లో షీటు చూసి నేలమీద వెతకడం మొదలుపెట్టింది.

"సూర్యారావుగారూ, హెచ్ వరసలో 28 ప్యాలెట్లండి. ఏవీ?"

"వెనకాల ఉన్నాయమ్మా. ముందు వరసలు తీస్తేగానీ అందవు. ఫోర్క్‌లిఫ్టు బ్యాటరీ దిగిపోయింది. మన షీటులో ఉన్నాయి కదా, టిక్కు పెట్టుకోండి."

ఆయనకి యాభై అయిదు దాటుంటాయి. పొద్దున్నుంచి ప్రతి ట్యాగూ తనే తుడిచి చూపించాడు. అటువంటి మనిషి ఈ ఒక్కమాట నేలవైపు చూస్తూ అన్నాడు.

లావణ్య టిక్కు పెట్టలేదు. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఇద్దరూ బయటికొచ్చి టీ తాగారు. షీటు ఒళ్ళో పెట్టుకుని ఆ 28 లైన్లూ మళ్ళీ చదివింది. లాట్ నంబర్లు వరసగా ఉన్నాయి. తయారీ తేదీ సగానికి జనవరి 14, సగానికి జనవరి 15.

పక్కనే గట్టుమీద రొయ్యలు వలిచే ఆడవాళ్ళు కేరేజీలు విప్పుకుంటున్నారు.

"అక్కా, సంక్రాంతికి కూడా పనుంటుందా మీకు?"

"అయ్‌బాబోయ్, పండక్కి ఎవరొత్తారండీ! మూడ్రోజులూ షెడ్డుకి తాళమే. మా ఆయన పందేల బరి దగ్గర, నేను అరిసెల మూకుడు దగ్గర."

సూర్యారావు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

లావణ్యకి చెవులు వేడెక్కాయి. షెడ్డుకి తాళం వేసిన రెండ్రోజుల్లో 28 టన్నులు ఎవరు వలిచారు? కిలో ఆరొందల చొప్పున కోటీ అరవై ఎనిమిది లక్షల సరుకు. ఈ లెక్కమీదే బ్యాంకు ప్రతి నెలా ఎంత అప్పు వాడుకోవచ్చో తేలుస్తుంది.

"నిచ్చెన ఇప్పించండి," అంది.

"పడతారమ్మా. మంచుకి జారుతుంది."

"మీరు పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. మూడో అంతస్తు కార్టన్లమీదికి వంగి టార్చి వేసింది. వెలుగు ఏ కార్టన్‌కీ తగల్లేదు. నేరుగా వెళ్ళి అవతలి గోడమీద పడింది. మధ్యలో నేలంతా పలచటి మంచు, దానిమీద ఒక్క చక్రం గీత లేదు. ఫోన్ చలికి ఆరిపోయేలోగా నాలుగు ఫోటోలు తీసింది.

దిగాక ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తలమీద ఫ్యాన్లు హోరుమంటున్నాయి.

"ఏప్రిల్లో పంట రాగానే నింపేద్దామన్నారమ్మా పెద్దాయన," అన్నాడు సూర్యారావు. "ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. జనవరి నెల స్టేట్‌మెంటులో ఒక్కసారికే అన్నారు. ఫిబ్రవరిలో మళ్ళీ అదే. ట్యాగులు నాచేతే రాయించారు."

ఆమెకి ఆయనమీద కోపం రాలేదు. వాళ్ళ నాన్న కూడా రైసుమిల్లులో గుమస్తానే. బయటికొచ్చి సీనియర్‌కి ఫోన్ చేసింది. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"నువ్వే ఎక్కి చూశావా?"

"చూశానండి."

"చూసిందే రాయి. వాళ్ళ సంతకం తీసుకో. షీట్లు అక్కడ ఎవరికీ ఇవ్వకు, కాపీ కావాలంటే రేపు మనమే పంపుదాం. నేను బయల్దేరుతున్నా. నేనొచ్చేదాకా గేటు దాటి ఏదీ లోపలికి రాకుండా చూడు."

మళ్ళీ ఛాంబర్ గుమ్మం దగ్గరికొచ్చి, హెచ్ వరస ఎదురుగా లెక్కించిన సంఖ్య గడిలో 0 వేసింది. షీటు సూర్యారావు ముందు పెట్టింది.

ఆయన కళ్ళజోడు తీసి, ఆవిరి తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ గడివంక చాలాసేపు చూశాడు. పెన్ను అందుకున్నాడు గానీ సంతకం పెట్టలేదు. తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు.

"సున్నా ముందు ఎవరైనా ఓ అంకె వేసేస్తారమ్మా," అన్నాడు. "అక్షరాల్లో కూడా రాయండి. అప్పుడు పెడతాను."

ఇంకు రాలేదు. పెన్నుని రెండు అరచేతుల మధ్య రుద్ది, నోటి ఆవిరి పట్టి, మళ్ళీ రాసింది.