విషయం: డిస్క్ డ్రైవ్ పాడైన గేమ్ కన్సోల్ మార్చి ఇవ్వడం గురించి

కస్టమర్ సర్వీస్ వారికి,

నమస్కారం. ఆర్డర్ నంబర్ 40718265 కింద నేను కొన్న గేమ్ కన్సోల్ ఈ నెల 9న అందింది. సీలు, పెట్టె బాగానే ఉన్నాయి. డిస్క్ డ్రైవ్ మాత్రం మొదటి రోజు నుంచే పనిచేయడం లేదు.

డిస్క్ పెట్టగానే లోపలికి లాక్కుంటుంది. పది సెకన్లు గరగరమని తిరుగుతుంది, తర్వాత బయటికి నెట్టేస్తుంది. మూడు గేమ్ డిస్కులు, ఒక బ్లూ-రే సినిమా వేసి చూశాను. అన్నిటికీ ఇదే వరస. ఒక కొత్త డిస్క్ అంచున గుండ్రంగా గీత కూడా పడింది, అది చూశాక ఇంకో డిస్క్ పెట్టడానికి ధైర్యం చాల్లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను, కన్సోల్‌ను నిలువుగానూ అడ్డంగానూ పెట్టి చూశాను. డౌన్‌లోడ్ చేసిన గేములు చక్కగా ఆడుతున్నాయి కాబట్టి లోపం డ్రైవ్‌లోనే ఉంది.

మీ చాట్‌లో రెండుసార్లు అడిగితే సర్వీస్ సెంటర్‌కు వెళ్లమన్నారు. కొత్త వస్తువు లోపంతో వస్తే రిపేరు ఎందుకు ఒప్పుకోవాలి? నా దగ్గరున్న గేములన్నీ డిస్కులే, డ్రైవ్ లేకపోతే ఈ కన్సోల్ నాకు ఎందుకూ కొరగాదు.

ఏడు రోజుల్లో దీన్ని తీసుకెళ్లి కొత్తది పంపండి. స్టాకు లేకపోతే డబ్బు పూర్తిగా వాపసు చేయండి. గీత పడిన డిస్క్ ఫోటో, డ్రైవ్ శబ్దం వీడియో జతచేశాను.

ఇట్లు,
సుధారాణి