స్టేషన్ ఎదురుగా ఇడ్లీ బండి
మూడు నిమిషాల డాక్యుమెంటరీ: వ్యాఖ్యానం

0:00 – 0:30
దృశ్యం: తిరుపతి, కొర్లగుంట. చిన్న వంటగది, ట్యూబ్‌లైట్. స్టీలు గుండిగ మూత తీస్తున్న చేయి.

వ్యాఖ్యానం: టైం రెండున్నర. అక్క ముఖం కడుక్కుని నేరుగా పిండి దగ్గరికి వచ్చింది. నిన్న సాయంత్రం రుబ్బింది ఇది. నాలుగు పాళ్ళు ఉప్పుడు బియ్యం, ఒక పాలు మినపప్పు. మూత తీస్తే అంచు దాకా పొంగి ఉంది. తిరుపతి ఎండాకాలం సంగతి తెలిసిందే కదా, ఇంకో రెండు గంటలు ఆగితే పులుపెక్కుతుంది. అందుకే ఈ నెలల్లో ఆలస్యంగా రుబ్బుతుంది. ఉప్పు కూడా రాత్రి వెయ్యదు, ఇప్పుడే కలుపుతుంది.

అక్క గొంతు: "చలికాలంలో దుప్పటి కప్పి బతిమాలినా పొంగదు నా. ఎండాకాలంలో మనం నిద్రపోయేలోపలే అయిపోతాది."

0:30 – 1:10
దృశ్యం: బాణలిలో వేగుతున్న చెనక్కాయలు. పొట్టు ఊదుతున్న అక్క. దగ్గరి షాట్: నూనెలో చిటపటలాడే ఆవాలు, కరివేపాకు.

వ్యాఖ్యానం: చట్నీలు రెండు. చెనక్కాయ చట్నీలో ఉల్లిపాయ, తెల్లగడ్డ పడవు. దర్శనానికి పోయేవాళ్ళు ప్లేటు పట్టుకునే ముందు అడిగేది అదే మరి. ఎర్రకారం దారి వేరు. ఎండు మిరపకాయలు, ఉల్లిపాయ, తెల్లగడ్డ, ఉప్పు. అంతే. అది ఆటో అన్నల కోసం. రెండు గిన్నెలకూ రెండు గరిటెలు. పొరపాటున కూడా ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడకూడదు. బండి మీద ఎంత రద్దీ ఉన్నా ఈ ఒక్క విషయంలో మాత్రం అక్క తొందరపడదు.

1:10 – 1:30
దృశ్యం: ఖాళీ రోడ్డు మీద తోపుడు బండి. గ్యాస్ సిలిండర్, నీళ్ళ క్యాన్లు. ముందు అక్క, వెనక ఆమె భర్త.

వ్యాఖ్యానం: నాలుగు కాకముందే బయలుదేరాలి. రాత్రి రైళ్ళు దిగినవాళ్ళు, విష్ణు నివాసంలో దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్ళు, అప్పటికే ఆకలి మీద ఉంటారు. ఎత్తు రోడ్డు వచ్చినచోట మాటలుండవు, తోయడమే.

1:30 – 2:25
దృశ్యం: స్టేషన్ ఎదుట బండి. తడిగుడ్డ పరిచిన ఇడ్లీ రేకులు. ఆవిరి. క్యూ.

వ్యాఖ్యానం: మొదటి వాయి దిగింది. గుడ్డ బోర్లించి పైన నాలుగు నీళ్ళ చుక్కలు చల్లితే ఇడ్లీ అంటుకోకుండా ఊడి వస్తుంది. బోణీ చేసింది ఒక తమిళ కుటుంబం. ఆ వెనకే కన్నడం వాళ్ళు. ఇద్దరితోనూ వాళ్ళ భాషలోనే లెక్క చెప్పేసింది. ప్లేటుకు నాలుగు, 30 రూపాయలు. స్కానర్ పెట్టె ఒకటే అరుపు.

ఒక కుర్రాడు అలిపిరి నుంచి నడిచి ఎక్కుతాడట. రెండు ప్లేట్లు అడిగాడు.

అక్క గొంతు: "3,550 మెట్లు నాయనా. అంత తిని ఎక్కలేవు. ఒక ప్లేటు తిను, ఇంకోటి కట్టిస్తా, పైన తిందువు."

వ్యాఖ్యానం: వీళ్ళలో చాలామంది మళ్ళీ ఈ బండి దగ్గరికి రారు. కొండ దిగి రైలెక్కేస్తారు. ఇడ్లీ గట్టిగా ఉన్నా, చట్నీ పలచబడినా అడిగేవాడుండడు. అలా అమ్మేవాళ్ళు ఊళ్ళో లేకపోలేదు. కానీ అక్కకు ఆ వెసులుబాటు లేదు. బండికి ఎడమ పక్క నిలబడి తినే ఆటో అన్నలు ఆమెను వదలరు.

ఆటో డ్రైవర్: "ఏంక్కా, కారంలో ఈ పొద్దు ఉప్పు ఎక్కువ పడిందే?"

అక్క గొంతు: "నిన్న తక్కువంటివి కదా నువ్వే!"

వ్యాఖ్యానం: పైకి అలా అంది గానీ, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత ఇంకొంచెం ఉల్లిపాయ నూరి కలిపింది. లాభం యాత్రికుల దగ్గర వస్తుంది. రుచి మాత్రం వీళ్ళ నోటికి భయపడే నిలబడింది.

2:25 – 3:00
దృశ్యం: ఎండ. ఖాళీ గుండిగలు. బండి తుడుస్తున్న భర్త. నోట్లు సరిచేస్తున్న అక్క.

వ్యాఖ్యానం: ఎనిమిదిన్నరకు పిండి అడుగంటింది. వానొచ్చిన రోజు సగం మిగిలిపోతుంది. ఆ పిండి రేపటికి పనికిరాదు, ఇంట్లో దోసెలవుతుంది. ఈరోజు ఆ బాధ లేదు. గ్యాసుకు, పప్పుకు, చెనక్కాయలకు డబ్బు విడిగా తీసి కొంగున ముడేసింది. ఇంటికి పోయి నిద్రపోతుందా? లేదు. దారిలో కిరాణా కొట్టు ఉంది. బియ్యం, పప్పు నానేయాలి.

అక్క గొంతు: "రేపు శనివారం నా. జనం ఎక్కువొస్తారు. ఇంకో రెండు సేర్లు ఎక్కువ పోయాల."