మగ్గం గుంట ఉన్న ఇల్లు

నిన్న తెల్లవారుజామున అమ్మ చేత పాలు పొంగించాం. మంగళగిరిలోనే, మేం పెరిగిన వీధికి రెండు వీధుల అవతల, చిన్న ఇల్లు. మీ అందరి దయవల్ల గృహప్రవేశం అయింది.

ఫొటోలో ఇల్లేదీ అని అడుగుతారని తెలుసు. తమ్ముడు ముందువైపు నుంచి, మేడ మెట్ల మీద నుంచి బోలెడు తీశాడు. అవి ఫోన్లోనే ఉండనిచ్చాం. ఇక్కడ పెట్టింది ఇదొక్కటే: కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న అమ్మ (పొగ వల్లే అంటోంది), పక్కన కొత్త పంచె కట్టుకుని, ఎటు చూడాలో తెలియక గిన్నె వైపే చూస్తున్న నాన్న. అమ్మ కట్టుకున్న ఆకుపచ్చ చీర నాన్న నేసిందే. ముప్పయ్యేళ్లకు పైగా చీరలు నేస్తున్నాడు, అందులో అమ్మ కట్టుకున్నది ఇది రెండోది. మిగతావన్నీ నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్‌కి వెళ్లేవి, మాకు వచ్చేది మజూరీ.

నాకు గుర్తున్నంతలో ఏడు అద్దె ఇళ్లు మారాం. మగ్గం ఉన్నవాళ్లకు ఇల్లు దొరకడం కష్టం. గుంట మగ్గానికి నేలలో గొయ్యి తవ్వాలి, నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని కాళ్లు అందులోకి దించి తొక్కాలి. నేల పాడవుతుందని కొందరు, చప్పుడని కొందరు ఇచ్చేవాళ్లు కాదు. ఒప్పుకున్నవాళ్లు కూడా, వెళ్లేటప్పుడు పూడ్చి ఇవ్వాలని ముందే చెప్పేవాళ్లు. ఖాళీ చేసే రోజు సామానంతా బండి ఎక్కాక నాన్న ఒక్కడే లోపల ఉండిపోయేవాడు. గుంటలో మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, నేల చదును చేసి, అప్పుడు తాళం ఇచ్చేవాడు. కొత్త ఇంట్లో మళ్లీ గునపం. మేం బడి నుంచి వచ్చేసరికి మగ్గం ఆడుతూ ఉండేది. సగం గది మగ్గం, మిగతా సగంలో మేం నలుగురం.

వానాకాలం గుంటలో నీళ్లు ఊరేవి. మగ్గం ఆగితే మజూరీ ఆగేది. అమ్మ పొద్దున్నే చెంబుతో ఆ నీళ్లు తోడిపోసేది, తర్వాత రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. అది కూడా కూలిపనే అని, దానికి వేరే డబ్బులు ఎవరూ ఇవ్వరని, నాకు ఉద్యోగం వచ్చాకగానీ తట్టలేదు.

నిన్న భోజనాల దగ్గర ఒక పెద్దాయన చెప్పేదాకా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. 2011లో నాన్న ఆయన దగ్గర అరవై గజాల స్థలానికి బయానా ఇచ్చాడట. ఆ ఏడే నాకు ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా హాస్టల్‌కి, పుస్తకాలకి డబ్బు కావాలి. నాన్న వెళ్లి బయానా వెనక్కి అడిగాడు. ఆయన మంచివాడు, పైసా తగ్గించకుండా ఇచ్చేశాడు. మాకు మాత్రం ‘సంఘంలో లోను దొరికిందిరా’ అని చెప్పాడు నాన్న. నిన్న అడిగితే, ‘ఇప్పుడదంతా ఎందుకు, ఆయనకి పెరుగు వేశారో లేదో చూడు’ అన్నాడు.

‘సాధించావురా’ అని పొద్దుట్నుంచి ఫోన్లు. సంతోషమే. కాకపోతే తమ్ముడూ నేనూ కడుతున్నది ఈఎంఐ ఒక్కటే. అంతకుముందు కట్టాల్సినవన్నీ వాళ్లిద్దరూ కట్టేశారు. ఇంకా పద్దెనిమిదేళ్లు ఈ ఇల్లు బ్యాంకుది, గడప వరకు మాది అనుకోండి. మేడ మెట్లకి ప్లాస్టరింగ్ కూడా కాలేదు. మా మేస్త్రి ‘ఉగాదికి’ అన్నాడు. ఏ ఉగాదో అడగలేదు.

ముందు గదిలో మాత్రం బండలు వేయలేదు. అమ్మ హాలు అందంగా ఉండాలంది, నాన్న వినలేదు. మోకాళ్లు నొప్పులు, ఇంక నేయొద్దని తమ్ముడూ నేనూ చాలాసార్లు చెప్పి చూశాం. పోయిన వారం తాడుతో కొలత వేసుకుని తనే గుంట తవ్వుకున్నాడు. నన్ను గునపం ముట్టుకోనివ్వలేదు. చుట్టూ సిమెంటు పూయించి, అంచు మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాడు. ‘ఇది పూడ్చక్కర్లేదు కదరా?’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అమ్మే లోపల్నుంచి ‘అక్కర్లేదులే, రా, అన్నం తిను’ అంది.

అందరినీ పిలవలేకపోయాం, ఏమీ అనుకోకండి. కొండకొచ్చి పానకాల స్వామిని చూసుకుని, అటునుంచి అటే మా ఇంటికి వచ్చేయండి. చేతిలో ఏమీ తేవద్దు. అమ్మ కాఫీ పెడుతుంది. నాన్న మగ్గంలో ఉంటే మాత్రం పది నిమిషాలు ఆగాలి, ఎవరొచ్చినా పోగు మధ్యలో లేవడు.