మాటలు అవే, చోటు వేరు: 1549, 1552 సంస్కారపు ఆరాధన క్రమాల పాఠ పరిశీలన

ఆరాధన క్రమాన్ని పాఠంగా చదివేటప్పుడు ప్రతి వాక్యానికీ నాలుగు ప్రశ్నలు వేయాలి. ఇది ఎవరి నోట వస్తోంది? ఎవరితో అంటున్నారు? దేని తర్వాత వస్తోంది? దీని వెనకాల ఏం రాబోతోంది? మొదటి రెండూ మాటకు సంబంధించినవి, తర్వాతి రెండూ అమరికకు సంబంధించినవి. ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ఆధ్వర్యంలో వచ్చిన రెండు ప్రార్థన గ్రంథాల్లోని ప్రభు భోజన సంస్కార క్రమాలను ఈ పేపర్‌లో ఆ ప్రశ్నలతో చదువుతాను. మొదటిది 1549 జూన్ 9న, పెంతెకొస్తు ఆదివారం నాడు అమల్లోకి వచ్చింది. రెండోది 1552 నవంబర్ 1న వచ్చింది. మధ్యలో మూడున్నరేళ్లు కూడా లేవు. రెండింటిలోనూ చాలా ప్రార్థనలు దాదాపు అవే. అయినా రెండో క్రమంలోని దైవశాస్త్రం వేరు. ఈ తేడాకు కొత్తగా రాసిన మాటల కన్నా పాత మాటలను కదిపిన తీరే పెద్ద కారణం అన్నది నా వాదన.

శీర్షికలే ఒక సూచన ఇస్తాయి. 1549 శీర్షిక ప్రభు భోజనం, పరిశుద్ధ సహవాసం అని చెప్పి, ‘సాధారణంగా మాస్ అని పిలిచేది’ అని కూడా కలుపుతుంది. 1552లో మాస్ అనే పేరు లేదు. బలిపీఠం అన్న మాట కూడా పోయి, బల్ల మాత్రమే మిగిలింది.

ఇక అమరిక. 1549లో ‘మీ హృదయములను పైకెత్తుడి’ అన్న సంభాషణ, ‘పరిశుద్ధుడు, పరిశుద్ధుడు’ అన్న స్తుతి అయ్యాక ఒక దీర్ఘ ప్రార్థన నడుస్తుంది. సంఘమంతటి కోసం విజ్ఞాపన, రొట్టె ద్రాక్షారసాలను ఆత్మతోను వాక్యంతోను ఆశీర్వదించమన్న మనవి, ప్రభువు ఆ రాత్రి పలికిన మాటలు, ఆయన మరణ పునరుత్థానాల స్మరణ, చివరికి ‘మమ్మును, మా ఆత్మలను, మా శరీరములను’ సజీవ యాగంగా అర్పించుకోవడం, అన్నీ అందులోనే ఉన్నాయి. తర్వాత ప్రభువు నేర్పిన ప్రార్థన. ఆ తర్వాతే పాపాల ఒప్పుకోలు, క్షమాపణ, బల్ల దగ్గరికి వచ్చే ముందు చేసే వినయ ప్రార్థన, అప్పుడు పుచ్చుకోవడం.

1552 ఈ ప్రార్థనను ముక్కలు చేసింది. విజ్ఞాపన కానుకల తర్వాతికి జరిగింది. ఒప్పుకోలు, క్షమాపణ ‘హృదయములను పైకెత్తుడి’కి ముందుకు వచ్చాయి. ఆత్మతో ఆశీర్వదించమన్న మనవి తీసేశారు. ప్రభువు పలికిన మాటలు అయీ కాకముందే, ఆమేన్ కూడా లేకుండా, రొట్టె చేతికి వస్తుంది. ‘తీసికొని తినుడి’ అన్న ఆజ్ఞకూ తినడానికీ మధ్య ఇంకో ప్రార్థన లేదు. ఇది చాలా సాహసమైన కూర్పు. ఆజ్ఞకు జవాబు మనుషులు చేసే పనిలోనే ఉంది, బల్ల మీది వస్తువుల్లో వచ్చే మార్పులో కాదు అని ఆ అమరికే చెప్పేస్తోంది.

వినయ ప్రార్థన దగ్గర ఇది ఇంకా స్పష్టం. బల్ల కింద పడే రొట్టె ముక్కలు ఏరుకోవడానికి కూడా మేము తగము అనే ప్రార్థన అది. 1549లో పుచ్చుకోవడానికి సరిగ్గా ముందు, ప్రతిష్ఠించిన రొట్టె ద్రాక్షారసాల ముందు మోకరించి గురువు ఈ ప్రార్థన పలుకుతాడు. 1552లో అదే ప్రార్థన ‘పరిశుద్ధుడు’ స్తుతికి వెంటనే వెనక, ప్రతిష్ఠకు ముందే వస్తుంది. వాక్యాలు దాదాపు మారలేదు. కానీ ప్రార్థించేవాళ్ల ముందు ఉన్నది ఇంకా మామూలు రొట్టే. పైగా క్రీస్తు శరీరాన్ని, రక్తాన్ని ‘ఈ పరిశుద్ధ మర్మములలో’ పుచ్చుకోవడం అన్న చిన్న పదబంధాన్ని తీసేశారు. చోటు మార్చడంతో మొదలైన పనిని ఈ కోత పూర్తి చేసింది.

అర్పణ ప్రార్థన ప్రయాణం దీనికి ఎదురు దిశలో సాగింది. 1549లో సంఘం తనను తాను ముందు అర్పించుకుని, తర్వాత పుచ్చుకుంటుంది. 1552లో ముందు పుచ్చుకుంటుంది, తర్వాతే అర్పించుకుంటుంది. అదీ తప్పనిసరి కాదు, రెండు ప్రార్థనల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. కృప ముందు, కృతజ్ఞత తర్వాత అన్న బోధను ప్రసంగంలో చెప్పడం ఒక ఎత్తు. ప్రతిసారీ మోకాళ్ల మీద అదే వరుసలో నడిపించడం ఇంకో ఎత్తు. విశ్వాసం వల్లనే నీతిమంతులమవుతామన్న సిద్ధాంతానికి ఆరాధనలో రూపం ఇవ్వడానికి జరిగిన ఒకే ఒక్క సమర్థమైన ప్రయత్నం 1552 క్రమమని ఆరాధన చరిత్ర పండితుడు గ్రెగరీ డిక్స్ 1945లో రాశాడు. ఆ సిద్ధాంతం ఆయనకు నచ్చినది కాదు కాబట్టి ఈ మాటకు విలువ ఎక్కువ. మహిమ గీతం కూడా మొదటి నుంచి చివరికి, ఆశీర్వాదానికి ముందుకు జరగడం ఈ లెక్కలోనే సరిపోతుంది.

మాటలే పూర్తిగా మారిన చోటు ఒకటుంది. రొట్టె ఇచ్చేటప్పుడు 1549 గురువు, ‘నీ కొరకు ఇవ్వబడిన మన ప్రభువైన యేసు క్రీస్తు శరీరము నీ శరీరమును, ఆత్మను నిత్యజీవమునకు కాపాడును గాక’ అన్న అర్థంలో పలుకుతాడు. 1552లో, ‘క్రీస్తు నీ కొరకు చనిపోయెనని జ్ఞాపకము చేసికొని దీనిని తీసికొని తినుము, విశ్వాసముచేత కృతజ్ఞతతో నీ హృదయములో ఆయనను భుజించుము’ అంటాడు. మొదటి వాక్యంలో పని చేసేది శరీరం. రెండో వాక్యంలో పని చేయాల్సింది పుచ్చుకునేవాడు. 1559 గ్రంథం ఈ రెండు వాక్యాలనూ ఒకదాని వెనక ఒకటి అతికించింది. దీన్ని రాజీ అంటారు గానీ, చెవితో విన్నప్పుడు వరం ముందు, దానికి తగిన స్పందన తర్వాత అన్న మంచి క్రమమే అందులో వినిపిస్తుంది.

ఇక్కడ ఎదుటివాణ్ణి పిలిచే తీరు కూడా గమనించాలి. ఆ రోజు చదివే లేఖన భాగాలను, కానుకల వేళ చదివే కొన్ని వచనాలను పక్కన పెడితే, 1552 క్రమం ఆరాధికుణ్ణి ‘నీవు’ అని రెండుసార్లే పిలుస్తుంది. మొదట్లో పది ఆజ్ఞలు చదివేటప్పుడు, మళ్లీ రొట్టె, గిన్నె ఇచ్చేటప్పుడు. మిగతాదంతా ‘మీరు’, ‘మేము’. 1549లో ఆజ్ఞలు లేవు, 1552లోనే చేర్చారు. నేరం మోపిన ఏకవచనమే చివరికి ‘నీ కొరకు’ అంటూ తిరిగి వస్తోంది. రచయిత ఇది అనుకుని చేశాడని నిరూపించలేం. పాఠంలో మాత్రం ఉంది.

గట్టిగా చదవని సూచనలను విశ్లేషణలో వదిలేయడం మన దగ్గర మామూలే. అది సరైన పద్ధతి కాదు. ఏ ముద్రా లేని గుండ్రటి, పులియని రొట్టె వాడమంటుంది 1549. 1552కు ఇళ్లల్లో తినే మంచి గోధుమ రొట్టె చాలు, మిగిలితే సంఘ గురువు ఇంటికి తీసుకెళ్లవచ్చు. ప్రార్థనలను ఎంత లోతుగా చదివినా, ఈ ఒక్క సూచన చెప్పినంత సూటిగా చెప్పవు.

1662 గ్రంథం 1552 అస్థిపంజరాన్ని దాదాపు అలాగే ఉంచి మూడు చోట్ల చెయ్యి పెట్టింది. ప్రభువు పలికిన మాటల చివర ఆమేన్ చేర్చింది, రొట్టె విరవడం లాంటి చర్యలను అక్కడే చేయమంది, ప్రతిష్ఠించినది మిగిలితే గుడి బయటికి తీసుకెళ్లకుండా భక్తితో అక్కడే తినేయమంది. ప్రార్థన వాక్యాల్లో కొత్త సిద్ధాంతం ఏదీ లేదు. కానీ ఆ ఆమేన్‌తో ఆజ్ఞకూ తినడానికీ మధ్య ఒక ఆగుదల ఏర్పడింది, ఆ ఆగుదలలో ప్రతిష్ఠ అనే ఘట్టానికి మళ్లీ చోటు దొరికింది.