మా గేటు కెమెరాలో మీ గుమ్మం కనబడకుండా చేసే ఏర్పాటు గురించి

గౌరవనీయులైన ఎదురింటి మాస్టారు గారికి నమస్కారములు.

ఈ వారం మా గేటు స్తంభానికి సీసీ కెమెరా పెట్టించాము. మా గేటు తీసుకుని లోపలికి వచ్చేవారు, గేటు ముందు నిలిపే మా బండ్లు కనిపిస్తే మాకు చాలు. అయితే మన రెండిళ్ల గేట్లు ఎదురెదురుగా ఉండటం వల్ల, కెమెరా లెన్సు వెడల్పుగా చూసేది కావడం వల్ల, మీ వీధి తలుపు, పక్క కిటికీ, అరుగు కూడా చిత్రంలో పడుతున్నాయి; తలుపు తీసి ఉంటే ముందు గది సైతం కొంత కనిపిస్తోంది. కెమెరాను కిందికి వంచి చూశాము గానీ, ఇంకా వంచితే గేటు దగ్గర నిలబడినవారి ముఖాలే తెగిపోతున్నాయి.

అందుచేత కెమెరా సెట్టింగులలో ఉన్న ప్రైవసీ మాస్క్‌ను మీ ఇంటి వైపు భాగానికి పెట్టాలనుకుంటున్నాము. దీన్ని కెమెరాలోనే అమర్చితే ఆ భాగం నల్లని పలకలా కనిపిస్తుంది, రికార్డింగులో కూడా అలాగే నమోదవుతుంది కనుక తరువాత దానిని తొలగించి చూడటం మాకు కూడా సాధ్యం కాదు. కదలిక కనిపిస్తే ఫోనుకు సమాచారం పంపే హద్దులు వేరు. వాటిని మార్చితే హెచ్చరికలు ఆగుతాయే తప్ప చిత్రీకరణ ఆగదు. కనుక ఆ ఒక్కటే చేసి సరిపెట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం. మాస్క్ మాటలను ఆపదు కాబట్టి మైకును కూడా పూర్తిగా ఆపివేస్తాము.

ఒక్క విషయం మీరు ఆలోచించుకోవాలి. మీ గుమ్మం దగ్గర ఏదైనా దొంగతనం జరిగితే, మూసిన భాగంలో మా కెమెరా చూపగలిగేది ఏమీ ఉండదు. అరుగు మెట్లు మాత్రం కనిపించనివ్వమని మీరు కోరితే అలాగే ఉంచుతాము, లేదంటే మీ ప్రహరీ గోడ అంచు వరకూ మూసేస్తాము. ఆ నిర్ణయం మీదే.

ఆదివారం ఉదయం మీరు, అమ్మగారు వీలు చూసుకుని వస్తే, మీ ఎదుటే ఫోనులో హద్దులు గీసి, తలుపు తీసి ఒకసారి, రాత్రి దీపాలు వేశాక ఇంకొకసారి చిత్రం చూసుకుందాము. గాలికో, ఎవరి చేయి తగిలో కెమెరా పక్కకు జరిగితే మాస్క్ తన చోట ఉండిపోయి మీ తలుపు బయటపడుతుంది; రీసెట్ చేసినా అది చెరిగిపోవచ్చు. అటువంటిది ఏది జరిగినా మీకు చెప్పి మళ్లీ సరిచేస్తాము. రికార్డింగు 7 రోజులకు మించి ఉంచము. మీరు ఎప్పుడు అడిగినా చిత్రం చూపిస్తాము.

ఇదే ఉత్తరం రెండో ప్రతి జతచేశాము. మీకు సమ్మతమైతే, ఎంతవరకు మూయాలో దాని మీద రాసి సంతకం చేసి పంపగలరు. అంతవరకూ కెమెరాను ఆపి ఉంచుతాము.

ఇట్లు,
మీ ఎదురింటివారు