అద్దె ఒప్పందంలో నా భార్య పేరు చేర్చేందుకు అనుమతి కోరుతూ

హైదరాబాద్,
10 సెప్టెంబరు 2025.

గౌరవనీయులైన రామచంద్రరావు గారికి,

నమస్కారం. మియాపూర్‌లోని మీ 302వ నంబరు ఫ్లాటులో, 2025 ఫిబ్రవరి 1 నుంచి పదకొండు నెలలకు రాసుకున్న ఒప్పందం ప్రకారం నేను అద్దెకు ఉంటున్నాను. గత నెలలో నాకు వివాహమైంది. గుంటూరులో ఉన్న నా భార్య లావణ్య అక్టోబరు 1 నుంచి నాతో కలిసి ఇక్కడే నివసించదలచింది. మీ రాతపూర్వక అంగీకారం లేకుండా మరెవరూ ఇంట్లో ఉండరాదని ఒప్పందంలోని ఆరో షరతు చెబుతున్నందున, ఆమె రాకకు ముందే ఆమెను సహ అద్దెదారుగా చేర్చేందుకు మీ అనుమతి కోరుతున్నాను.

నెలకు 16,000 రూపాయల అద్దె, అడ్వాన్సు, గడువు, ఇతర షరతులు యథాతథంగా ఉంటాయి. వాటికి ఆమె కూడా బాధ్యత వహిస్తూ సంతకం చేస్తుంది. అనుబంధ ఒప్పందానికయ్యే స్టాంపు పేపరు, నోటరీ ఖర్చులు నేనే భరిస్తాను. మనిషికింత చొప్పున అసోసియేషన్ వసూలు చేసే నీటి ఛార్జీ పెరిగితే అదీ నాదే. ఆమె ఆధార్, మా వివాహ ధ్రువపత్రం నకళ్లు జతచేశాను.

బ్రహ్మచారులకు ఇల్లివ్వడానికి చాలామంది వెనకాడుతున్న రోజుల్లో మీరు నన్ను నమ్మి ఇచ్చారు; ఆ మాట మరచిపోలేదు. ఈ నెల 20లోగా మీ సమ్మతిని రాతపూర్వకంగా తెలియజేయగలరని ప్రార్థన.

భవదీయుడు,
కిరణ్ కుమార్